పిండిన తల్లిపాలు: బయట ఉంచాలా, ఫ్రిజ్‌లోనా, ఫ్రీజర్‌లోనా?

పిండిన తల్లిపాలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు నిల్వ ఉంటాయని ఏ పట్టిక చూసినా ఉంటుంది. ఆ మాట తప్పు కాదు. అయితే ఆ పట్టికలో చెప్పిన గది 25 డిగ్రీలది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు విజయవాడలోనో గుంటూరులోనో, పై అంతస్తు ఇంట్లో, పొయ్యి పక్కన గట్టు మీద థర్మామీటర్ పెట్టి చూడండి. 36, 37 డిగ్రీలు మామూలుగా చూపిస్తుంది. ఆ గట్టు మీద ఉగ్గుగిన్నెలో మూతపెట్టి ఉంచిన పాలకు నాలుగు గంటల లెక్క వర్తించదు.

నేను విజయవాడలో పసిపిల్లల వార్డులో పదిహేనేళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. వేసవిలో ఉద్యోగానికి తిరిగి వెళ్లబోయే తల్లులు నన్ను అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఒకచోటికే చేరతాయి. పిండిన పాలు బిడ్డ నోటికి చేరేదాకా ఎక్కడెక్కడ, ఎంతసేపు, ఎంత వేడిలో ఉంటాయన్నదే ఆ ప్రశ్న. పంపు ఏది కొనాలి, సంచి ఏది కొనాలి అన్నవి దాని తర్వాతవి. మా చెల్లెలి విషయంలో ఈ దారంతా దగ్గరుండి చూశాను కాబట్టి ఆమె కథనే ఉదాహరణగా చెబుతాను.

మా చెల్లెలి ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఆఫీసు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర. చట్టం ఇచ్చిన 26 వారాల సెలవు సరిగ్గా ఏప్రిల్ చివర ముగిసింది. ఉదయం ఏడుంబావుకు బిడ్డకు పాలిచ్చి ఏడుముప్పావుకు ఇల్లు దాటితే, సాయంత్రం వారధి మీద ట్రాఫిక్ దాటుకుని మంగళగిరి మీదుగా ఇల్లు చేరేసరికి ఆరుముప్పావు అవుతుంది. అంటే పదకొండు గంటలు. తల్లిపాల మీదే పెరుగుతున్న బిడ్డ తల్లి దగ్గర లేని ప్రతి గంటకు దాదాపు 25 నుంచి 30 మిల్లీలీటర్ల పాలు తాగుతుందని లెక్క వేసుకోవచ్చు. పదకొండు గంటలకు సుమారు 300 మిల్లీలీటర్లు. బిడ్డకు ఆరు నెలలు నిండి అప్పుడే గుజ్జన్నం మొదలుపెట్టారు కాబట్టి ఒక్కోరోజు ఇంకాస్త తక్కువే పట్టేది. ఇంట్లో లీటర్ల కొద్దీ పాలు దాచాలని భయపడే తల్లులు ముందు ఈ లెక్క చూసుకోవాలి. రోజుకు కావలసింది ఒకటిన్నర గ్లాసు పాలు, అంతే.

చేత్తో పిండడమా, పంపుతోనా?

కాన్పయిన మొదటి రెండు మూడు రోజులైతే నా సమాధానం ఒక్కటే: చెయ్యి. ముర్రుపాలు చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పంపు పెడితే ఆ నాలుగైదు మిల్లీలీటర్లు గరాటుకూ గొట్టానికీ అంటుకునే పోతాయి. చేత్తో చెంచాలోకి పిండితే ప్రతి చుక్కా బిడ్డకు చేరుతుంది.

చేత్తో పిండడంలో చాలామంది చేసే పొరపాటు చనుమొనను పట్టుకుని లాగడం. పాలు చనుమొనలో ఉండవు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనుక, నల్లని వలయం అంచు దగ్గర ఉంచాలి. ముందు వేళ్లను ఛాతీ వైపు లోపలికి నొక్కాలి. తర్వాత రెండు వేళ్లను దగ్గరికి నొక్కి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మొదటి నిమిషం ఏమీ రాకపోవచ్చు, తర్వాత చుక్కలు, ఆ తర్వాత ధార. ధార తగ్గితే వేళ్లను గడియారం ముళ్లలా కాస్త తిప్పి మరోచోట నొక్కాలి. నొప్పి పుడితే వేళ్లు తప్పు చోట ఉన్నట్టు.

పాలు బాగా పడ్డాక, రోజూ ఆఫీసులో రెండుసార్లు తీయాల్సిన తల్లికి మాత్రం రెండు వైపులా ఒకేసారి తీసే కరెంటు పంపు కొనమనే చెబుతాను. కారణం సమయం. చేత్తో అరగంట పట్టే పని దానితో పదిహేను నిమిషాల్లో అవుతుంది. చేత్తో నొక్కే పంపు చవక, చప్పుడు చేయదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు బయటికి వెళ్లేవారికి అది చాలు. రోజూ వాడితే మణికట్టు నొప్పి పుడుతుంది. మా చెల్లెలు మొదట అదే కొని, పది రోజుల్లో కరెంటు పంపుకు మారింది.

ఏ పంపు అయినా రెండు విషయాలు చూసుకోండి. గరాటు కొలత సరిపోవాలి. లాగినప్పుడు చనుమొన గొట్టంలో గోడలకు ఒరుసుకోకుండా ముందుకూ వెనక్కూ కదలాలి. ఒరుసుకుంటే గరాటు చిన్నది. చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు లోపలికి పోతుంటే పెద్దది. రెండోది లాగే బలం. బలం పెంచితే పాలు పెరుగుతాయనుకుంటారు. నొప్పి మొదలైతే పాలు దిగడమే ఆగిపోతుంది. నొప్పి లేకుండా భరించగలిగిన స్థాయి దగ్గర ఆపండి. ధార తగ్గాక ఒక నిమిషం చేత్తో పిండితే ఇంకా పాలు వస్తాయి. ఆ చివరి పాలలోనే వెన్న ఎక్కువ.

వాడిన ప్రతిసారీ పంపు భాగాలను, గిన్నెలు తోమే సింకులో కాకుండా విడిగా ఒక గిన్నెలో సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ మీద ఆరనివ్వాలి. రెండు నెలల లోపు బిడ్డకైనా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైనా రోజుకోసారి అయిదు నిమిషాలు నీళ్లలో మరిగించడం కూడా అవసరం.

బయట ఎంతసేపు?

తల్లిపాలలో జీవకణాలు ఉంటాయి, సూక్ష్మజీవులను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. అందుకే అవి కాచని ఆవుపాలలా వెంటనే చెడిపోవు. కానీ వేడి పెరిగేకొద్దీ సూక్ష్మజీవులదే పైచేయి అవుతుంది. 25 డిగ్రీల దాకా నాలుగు గంటలు నిశ్చింతగా ఉంచవచ్చు. 27 నుంచి 32 డిగ్రీల మధ్య కూడా నాలుగు గంటలే గరిష్ఠమని తల్లిపాల వైద్యులు చెబుతారు, అదీ చేతులు, పాత్రలు బాగా శుభ్రంగా ఉంటే. 38 డిగ్రీల దగ్గర ఆ నాలుగు గంటల్లోనే సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయని పరీక్షల్లో తేలింది. అందుకే ఆ వేడిలో పాలు నిల్వ ఉంచవద్దంటారు.

దీన్ని మన ఇళ్లకు ఇలా అన్వయిస్తాను. ఏసీ 25, 26లో నడుస్తున్న గదిలో పాలుంటే నాలుగు గంటల లెక్క సరే. వర్షాకాలంలో ఫ్యాను కింద 30 డిగ్రీల గదిలో మూడు గంటలకు మించి ఉంచను. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో అయితే గంటలోపు తాగించేటట్టయితేనే బయట ఉంచండి, లేదంటే పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ మూడు గంటలు, ఒక గంట అన్నవి ఏ పట్టికలోవీ కావు. వార్డులో పనిచేస్తూ నేను పెట్టుకున్న జాగ్రత్త గీతలు. ఏసీ ఉన్న ఇంట్లో కూడా ఒక సంగతి మరచిపోవద్దు. మధ్యలో కరెంటు పోతే గది గంటలో వేడెక్కుతుంది, పాలు గిన్నెలోనే ఉంటాయి.

బిడ్డ కొంత తాగి వదిలేసిన పాల లెక్క వేరు. గిన్నెలోకి బిడ్డ ఎంగిలి చేరింది కాబట్టి ఆ పాలు, తాగడం ముగిసిన రెండు గంటల్లోపే వాడాలి. వేసవిలో నేను అంతసేపు కూడా ఆగను. అందుకే ముందుగా 60 మిల్లీలీటర్లే పోయండి, చాలకపోతే ఇంకో 30 పోయండి. 120 పోసి సగం పారబోసిన రోజున తల్లి మనసు ఎంత కష్టపడుతుందో నేను చూశాను. పట్టడానికి సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. దానికి మూలలు, రబ్బరు ముక్కలు ఉండవు, ఒక్క నిమిషంలో కడగవచ్చు. బిడ్డ మళ్లీ రొమ్ము పట్టడానికి మొరాయించే ఇబ్బందీ తక్కువ.

ఫ్రిజ్‌ను నమ్మే ముందు

ఫ్రిజ్‌లో తాజా పాలు నాలుగు రోజులు ఉంటాయి. ఆ ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు ఉంటేనే ఆ మాట నిజం. మన ఫ్రిజ్ మీద గుండ్రటి బిళ్ల మీద ఉండే 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. 4 మీద పెట్టాం కాబట్టి లోపల 4 డిగ్రీలు అనుకునేవారు నాకు ప్రతి నెలా కనిపిస్తారు.

మా చెల్లెలి ఇంట్లో చిన్న ఫ్రిజ్ థర్మామీటర్‌ను నీళ్ల గ్లాసులో వేసి చూశాం. తలుపు అరలో 11 డిగ్రీలు, మధ్య అరలో వెనుక వైపు 7 డిగ్రీలు. ఇడ్లీ పిండి గిన్నె, పెరుగు, గోంగూర కట్టలు, రెండు మామిడిపళ్ల సంచులు కిక్కిరిసి ఉన్నాయి, చల్లగాలి ఆడే చోటే లేదు. సగం సామాను తీసి, బిళ్లను 6 మీదికి తిప్పి, మర్నాడు ఉదయం చూస్తే వెనుక అరలో 4 వచ్చింది. తలుపులో మాత్రం 8కి తగ్గలేదు. పాలసీసాలు తలుపులో పెట్టవద్దని ఎందుకంటారో వాళ్ల అత్తగారికి ఆ అంకె చూశాకే నమ్మకం కుదిరింది.

థర్మామీటర్ లేకపోతే ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచకండి. పై అరలో, వెనుక వైపు, మూత ఉన్న డబ్బాలో పాలసీసాలన్నీ కలిపి పెట్టండి. చేపలు, మాంసం ఉంటే అవి కింది అరలోనే ఉండాలి. రోజులు గడిచేకొద్దీ పాలలో సూక్ష్మజీవులను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. అందుకే నాలుగు రోజులు ఉంటాయి కదా అని నాలుగో రోజు దాకా ఆగడం కన్నా, ఈరోజు పిండినవి రేపు తాగించడం మంచిది.

అప్పుడే పిండిన వెచ్చని పాలను చల్లని పాలలో పోయకండి. చల్లని పాలు కూడా వెచ్చబడతాయి. వేరే సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, రెండూ సమానంగా చల్లబడ్డాక కలపవచ్చు. కలిపిన తర్వాత తేదీ మాత్రం పాత పాలదే రాయాలి.

సీసాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మరునాటికి వాడే పాలకు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా పనికొస్తుంది. ఎక్కువ రోజులుంచేవాటికి గాజు, లేదా అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న గట్టి ప్లాస్టిక్ మంచివి. ఫ్రీజర్‌కు పాల కోసమే చేసిన సంచులు వాడండి. మందుల షాపులో దొరికే తెల్ల కాగితపు టేపు అంటించి తేదీ, వేళ రాయండి. సీసా చెమర్చినా అది ఊడదు.

ఆఫీసు ఫ్రిజ్, ఐస్ సంచి

మా చెల్లెలు పదకొండున్నరకు ఒకసారి, మూడున్నరకు ఒకసారి పాలు తీస్తుంది. రెండుసార్లకూ కలిపి 240 మిల్లీలీటర్లు దాకా వస్తాయి. పదకొండున్నర పాలు ఇల్లు చేరేసరికి ఏడుంబావు గంటలు గడుస్తాయి, కాబట్టి బల్ల మీద ఉంచే మాటే లేదు. మిగిలినవి రెండు దారులు: ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం ఐస్ సంచిలో తేవడం, లేదా ఉదయం నుంచి ఐస్ సంచిలోనే ఉంచడం.

ఆఫీసు ఫ్రిజ్ మేలనిపిస్తుంది. కానీ భోజనాల వేళ దాని తలుపు ఇరవైసార్లు తెరుచుకుంటుంది. సాయంత్రం బస్సు తొందరలో సీసా అక్కడే మరచిపోవచ్చు. ఐస్ సంచి మన చేతిలో ఉంటుంది. గడ్డకట్టిన ఐస్ ప్యాకులు తగిలేలా ఉంచిన మందపాటి సంచిలో పాలు 24 గంటల దాకా ఉంటాయి. అయితే ‘ఇన్సులేటెడ్’ అని రాసి ఉన్న టిఫిన్ సంచి తనంతట తాను చల్లబరచదు. లోపల గడ్డ ఉంటేనే అది పనిచేస్తుంది.

ఉద్యోగంలో చేరడానికి ముందు ఆదివారం ఇంట్లోనే పరీక్షించాం. అర లీటరు నీళ్ల సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి రాత్రంతా గడ్డ కట్టించాం. ఉదయం ఏడుముప్పావుకు సంచిలో ఒక గడ్డ సీసా, పక్కన మామూలు నీళ్లున్న చిన్న సీసా పెట్టి జిప్పు వేశాం. పదకొండున్నరకూ మూడున్నరకూ ఆఫీసులో తీసినట్టే తెరిచి మూశాం. సాయంత్రం అయిదు గంటలకే గడ్డ మొత్తం కరిగిపోయింది. మర్నాడు రెండు గడ్డ సీసాలతో మళ్లీ చేశాం. ఆరుముప్పావుకు ఒక్కో సీసాలో నిమ్మకాయంత గడ్డ తేలుతూ ఉంది. మా చెల్లెలు దాన్నే ఎంచుకుంది. బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకుంటుంది, ఎండ పడే కిటికీ పక్కన పెట్టదు.

మీ సంచి వేరే కావచ్చు, కాబట్టి మీరూ ఒకసారి పరీక్షించుకోండి. ఇల్లు చేరాక సీసాలో గడ్డ మిగిలి ఉంటే ఆ పాలు నేరుగా ఫ్రిజ్‌లోకి, మరునాటికి. గడ్డ కరిగినా నీళ్లు చేతికి చల్లగా తగిలితే ఆ పాలు ముందుగా, ఆ సాయంత్రమే పట్టేయండి. నీళ్లు చల్లదనం పోయి మామూలుగా ఉంటే, ఎప్పుడు కరిగిందో తెలియదు కాబట్టి, పారబోయండి.

ఫ్రీజర్ ఎంత వాడాలి?

ఫ్రీజర్‌లో పాలు ఆరు నెలలు బాగుంటాయి, ఏడాది దాకా వాడవచ్చు అన్నది సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండే ఫ్రీజర్‌కు వర్తించే లెక్క. విడి తలుపు ఉన్న ఫ్రీజర్ అయితే ఆ చల్లదనం ఉంటుంది. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐస్ గది అంత చల్లగా ఉండదు. అందులో రెండు వారాలే గడువు పెట్టుకోండి. చూడ్డానికి పాలు రాయిలా గట్టిగా ఉన్నా సరే.

గడ్డ కట్టిస్తే పాలు పాడైపోవు, కానీ కొంత కోల్పోతాయి. జీవకణాలు చనిపోతాయి, సి విటమిన్ తగ్గుతుంది. అయినా పాలపొడి కన్నా అవి మేలే. కాబట్టి ఫ్రీజర్‌ను అత్యవసరానికి దాచే చోటుగా చూడమంటాను. రోజువారీ పాలకు ఫ్రిజ్ చాలు. ఫ్రీజర్ నింపాలని రోజూ అదనంగా రెండుసార్లు పిండి, రొమ్ములో పాలు అవసరానికి మించి ఊరి, గడ్డలు కట్టి జ్వరంతో వార్డుకు వచ్చిన తల్లులు ఉన్నారు.

మా చెల్లెలి వారం ఇలా నడుస్తుంది. సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసులో తీసిన పాలు మరునాడు బిడ్డకు. తెల్లవారుజామున అయిదింటికి తీసిన 60 మిల్లీలీటర్లు కూడా అదే రోజు. శుక్రవారం పాలలో సగం, 60 చొప్పున రెండు సంచుల్లో, ఇంటికి రాగానే ఫ్రీజర్‌లోకి పోతాయి. మిగిలిన సగం ఫ్రిజ్‌లో ఉండి సోమవారం మధ్యాహ్నంలోపు అయిపోతాయి. మూడు రోజులు నిండవు. ఆదివారం రాత్రి ఫ్రీజర్‌లో అన్నిటికన్నా పాత రెండు సంచులు ఫ్రిజ్‌లోకి దిగుతాయి. అలా ఎప్పుడూ అందులో పదిరోజులు దాటిన పాలు ఉండవు, అకస్మాత్తుగా బస్సులు ఆగిపోయినా ఒక పూటకు సరిపడా నిల్వ ఉంటుంది. ఏదైనా పాలు ఫ్రీజర్‌లో పెట్టాలనుకుంటే తీసిన రోజే పెట్టాలి. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, మిగిలాయి కదా అని పెడితే పాత పాలను గడ్డకట్టించినట్టే. సంచి నిండా పోయకండి, గడ్డకట్టేటప్పుడు పాలు ఉబ్బుతాయి. పరిచి పడుకోబెడితే పలకలా గడ్డకడుతుంది, కరగడమూ తేలిక.

ఒకరోజు వాళ్ల అత్తగారు ఐస్ గదిలో పేరుకున్న మంచు చూసి, శుభ్రం చేద్దామని బిళ్ల మధ్యలో ఉన్న డీఫ్రాస్ట్ బటన్ నొక్కారు. ఆ బటన్ నొక్కితే ఐస్ గది మొత్తం కరుగుతుంది. రెండు గంటల తర్వాత నీళ్లు కారుతుంటే నాకు ఫోను చేశారు. నాలుగు సంచులనూ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూడమన్నాను. రెండింటిలో మధ్యన ఇంకా గడ్డ పలుకులు తగులుతున్నాయి. పలుకులు మిగిలి ఉంటే తిరిగి గడ్డకట్టించవచ్చు కాబట్టి వాటిని బటన్ సరిచేశాక మళ్లీ ఫ్రీజర్‌లోనే ఉంచాం. ఒకటి పూర్తిగా నీళ్లైంది గాని చేతికి బాగా చల్లగా ఉంది. అది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటిలోపు వాడేశారు. తలుపు పక్కనున్న నాలుగోది చల్లదనం పోయి ఉంది, దాన్ని పారబోయక తప్పలేదు. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు కూడా ఇదే పరీక్ష. అప్పుడు ముందు చేయాల్సింది తలుపు తెరవకుండా ఉండడం. ఆ బటన్ మీద ఇప్పుడు తెల్ల టేపు అంటించి ఉంది.

కరిగించడం, వెచ్చబరచడం

రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి దించడమే మంచి పద్ధతి. మెల్లగా కరిగితే వెన్న నష్టం తక్కువ. కరిగిన పాలకు ఫ్రిజ్‌లో 24 గంటలు గడువు. ఆ గడువు బయటికి తీసిన క్షణం నుంచి కాదు, పూర్తిగా కరిగిన దగ్గర నుంచి లెక్క. వెచ్చబరచినా, బయట పెట్టినా ఆ పూటకే. చల్లటి గదిలోనే రెండు గంటలకు మించి ఉండవు. మన వేసవిలో వెంటనే పట్టేయండి. పూర్తిగా కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకూడదు.

వెంటనే కావాలంటే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సంచిని ముంచి, నీళ్లు చల్లబడితే మార్చండి. పలకలాంటి సంచి పావుగంటలో కరుగుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మేడ మీద ట్యాంకు నీళ్లే అంత వేడిగా వస్తాయి, పొయ్యి వెలిగించే పనిలేదు. ఒక్కోసారి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అప్పుడు చల్లనీళ్లు కలిపి, మీ చేతికి హాయిగా ఉందని తేలాకే సంచి ముంచండి.

మైక్రోవేవ్ వద్దు. పైకి గోరువెచ్చగా ఉన్నా లోపల ఒకచోట నోరు కాలేంత వేడి ఉంటుంది. గిన్నెలో పోసి పొయ్యి మీద కాచడమూ వద్దు. ఇది చెప్పేటప్పుడు అమ్మమ్మలతో, నానమ్మలతో కాస్త ఓపికగా మాట్లాడాలి. పాలు కాచకుండా పసిబిడ్డకు ఎలా పడతామని వారు అడగడం సహజం. పొద్దున్నే పాలు పొంగే దాకా కాచడం వారికి జీవితకాలపు అలవాటు. గేదెపాలు ఎక్కడెక్కడి పాత్రల్లోంచో వస్తాయి కాబట్టి కాస్తాం. తల్లిపాలు కాస్తే సూక్ష్మజీవులను అడ్డుకునే గుణమే పోతుంది. ఇలా చెబితే వారికి అర్థమవుతుంది, వాదించాల్సిన పనిలేదు.

కరిగిన పాలు రెండు పొరలుగా, పైన వెన్న తేలుతూ ఉంటాయి. కొందరు విరిగిపోయాయని పారబోస్తారు. మెల్లగా గిన్నెను తిప్పితే వెన్న కలిసిపోతుంది. కలవకుండా ముక్కలు ముక్కలుగా ఉండి పుల్లటి కంపు కొడితే అవి చెడినవి. సబ్బు వాసనలాంటిది వేరు. కొందరు తల్లుల పాలలో కొవ్వును కరిగించే లైపేజ్ అనే పదార్థం ఎక్కువగా పనిచేయడం వల్ల నిల్వ ఉన్నప్పుడు ఆ వాసన వస్తుంది. పాలు చెడినట్టు కాదు, చాలామంది పిల్లలు తాగేస్తారు. బిడ్డ ఒప్పుకోకపోతే ఇకపై తీసిన పాలను గడ్డకట్టించే ముందే, అంచుల వెంట చిన్న బుడగలు కనిపించేదాకా, మరగనివ్వకుండా వేడి చేసి వెంటనే చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. కాచడం వద్దని ఇప్పుడే అన్నాను. ఇది బిడ్డ అస్సలు తాగనప్పుడు మాత్రమే చేసే పని, రోజువారీ పద్ధతి కాదు. అప్పటికే వాసన వచ్చిన పాలకు ఇది పనికిరాదు. అందుకే ఒక్క సంచి గడ్డకట్టించి, వారం తర్వాత కరిగించి, బిడ్డ తాగుతుందో లేదో చూశాకే మిగతావి పెట్టడం మంచిది. మా చెల్లెలు సెలవు ముగియడానికి మూడు వారాల ముందు ఈ పని చేసింది.

నెలలు నిండకుండా పుట్టి ఇంకా ఆస్పత్రిలో ఉన్న బిడ్డకు పాలు తీసుకెళుతుంటే ఇక్కడి గంటలు, రోజులు ఏవీ లెక్కలోకి తీసుకోకండి. అలాంటి బిడ్డలకు గడువులు తక్కువ, ఏ పాత్రలో తేవాలో కూడా వార్డువాళ్లే చెబుతారు.

ఆ ఏడాది డిసెంబరులో మా చెల్లెలు ఫోను చేసింది. “అక్కా, రాత్రి పదింటికి తీసిన పాలు పడకగదిలో బల్ల మీదే మరచిపోయాను, ఇప్పుడు ఒంటిగంట. గదిలో 23 డిగ్రీలుంది.” మూడు గంటలే అయింది, మూత పెట్టే ఉంది. బిడ్డ లేస్తే పట్టెయ్యమన్నాను, లేవకపోతే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి తెల్లవారగానే ముందు ఆ పాలే వాడమన్నాను.